తేదీని కూడా లెక్కలో వేయండి

లాస్ ఏంజెలెస్‌లో ఉంటూ ఢిల్లీ టైమ్ చెప్పేటప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది. ఎండాకాలంలో తేడా 12 గంటల 30 నిమిషాలు కాబట్టి ఏఎమ్‌ని పీఎమ్ చేసి అరగంట కలిపేస్తారు. టైమ్ సరిగ్గానే వస్తుంది. కానీ తేదీ ఎవరూ చూడరు. ఈ అడ్డదారి మానేయాలని నా అభిప్రాయం.

24 గంటల పద్ధతిలో రాసుకుంటే తేదీ దానంతట అదే తేలుతుంది. చలికాలంలో లాస్ ఏంజెలెస్ ప్రపంచ ప్రామాణిక సమయమైన UTC కంటే 8 గంటలు వెనక, ఢిల్లీ 5:30 ముందు. రెండూ కలిపితే తేడా 13:30. ఇప్పుడు ఢిల్లీలో 2026 మార్చి 1, ఉదయం 6:00 అనుకుందాం. లాస్ ఏంజెలెస్ వెనక ఉంది కాబట్టి తీసివేయాలి. 6లోంచి 13:30 పోదు. పక్క అంకె నుంచి అప్పు తెచ్చుకున్నట్టే ఒక రోజు అప్పు తెచ్చుకోవాలి. 6:00 కాస్తా 30:00 అవుతుంది, అందులోంచి 13:30 పోతే 16:30. అంటే సాయంత్రం 4:30. రోజు అప్పు తెచ్చాం కాబట్టి తేదీ ఒకటి వెనక్కి, ఫిబ్రవరి 28. అదే 2024 అయితే ఫిబ్రవరి 29 అయ్యేది. ఇదే లెక్క క్యాలిక్యులేటర్‌లో 30.00 - 13.30 అని కొడితే 16.70 వస్తుంది. గంటలో 70 నిమిషాలు ఉండవు కదా, అక్కడే తప్పు పట్టుకోవచ్చు.

ఎటునుంచి ఎటు వెళ్తున్నా పద్ధతి ఇదే. ముందున్న ఊరి టైమ్ కావాలంటే కలపాలి. మొత్తం 24 గానీ, అంతకు మించి గానీ వస్తే 24 తీసేసి తేదీ ఒకటి పెంచాలి.

అసలు గొడవ మన మాటలోనే మొదలవుతుంది. మనకు తెల్లారితేనే రోజు మారినట్టు. అందుకే "శనివారం రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేస్తా" అంటాం. గడియారం ప్రకారం అది ఆదివారం 01:00. దాన్ని శనివారం 01:00గా రాసుకుని 13:30 కలిపినవాళ్లు ఢిల్లీలో శనివారం మధ్యాహ్నం 2:30కి ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. ఫోన్ వచ్చేది ఆదివారం మధ్యాహ్నం. మా ఇంట్లో ఇలా ఒక రోజంతా టెన్షన్ పడ్డారు. అప్పటి నుంచి అర్ధరాత్రి దాటిన టైమ్ చెప్పాల్సి వస్తే తేదీ చెప్పకుండా నేను ఫోన్ పెట్టను.

తేడాను కూడా ఒకసారి బట్టీపట్టి వదిలేయకూడదు. ఢిల్లీ గడియారం ఏడాది పొడవునా మారదు, లాస్ ఏంజెలెస్‌ది మార్చిలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి మారుతుంది. 2026 మార్చి 7, శనివారం అక్కడ రాత్రి 8:30 అంటే ఢిల్లీలో ఆదివారం ఉదయం 10:00. మర్నాడు తెల్లవారుజామున 2 గంటలకు అక్కడి గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది. దాంతో ఆదివారం రాత్రి 8:30 అంటే ఢిల్లీలో సోమవారం ఉదయం 9:00. కాబట్టి మార్చి, నవంబర్ నెలల్లో జరిగే ఏ ఆన్‌లైన్ సమావేశానికైనా ఆహ్వానంలో రెండు ఊళ్ల టైమూ, రెండు తేదీలూ అచ్చువేయాలి.