ఊరి జనం పిలిచే పేరే అడగాలి

“వాయిస్ అసిస్టెంట్ స్టేషన్ల పూర్తి పేర్లు చదివి వినిపిస్తే తప్పేముంది?”

తెర మీదైతే తప్పు లేదు, కళ్లు వెనక్కి వెళ్లి చూసుకోగలవు. చెవికి ఆ వీలు లేదు. బెంగళూరులో ఉండే మనవాళ్లెవరైనా విజయవాడ రైలు గురించి అడిగితే, “క్రాంతివీర సంగొళ్ళి రాయణ్ణ బెంగళూరు స్టేషనా, సర్ ఎం. విశ్వేశ్వరయ్య టెర్మినల్ బెంగళూరా” అని వాయిస్ అసిస్టెంట్ చదువుతూ పోతే, రెండోది ముగిసేసరికి మొదటిది జారిపోతుంది. కేఎస్ఆర్, ఎస్ఎంవీటీ అని కుదించినా, పొడి అక్షరాలు ఫోన్‌లో ఒకదానికొకటి కలిసిపోయినట్టే వినిపిస్తాయి.

“మెజెస్టిక్, యశ్వంతపూర్, బైయప్పనహళ్లి: ఎక్కడి నుంచి?” అంటే సరిపోతుంది. జనం నోట మెజెస్టిక్ అంటే ఆ రాయణ్ణ స్టేషనే, బైయప్పనహళ్లి అంటే విశ్వేశ్వరయ్య టెర్మినలే. మొదటి అక్షరంలోనే మూడూ విడిపోతాయి, పైగా ఆటోవాళ్లతో మనం రోజూ అనే మాటలే. ఆ రోజు రైలు ఒకే స్టేషన్ నుంచి ఉంటే అసలు అడగనే కూడదు.

“మెజెస్టిక్ నుంచా, యశ్వంతపూర్ నుంచా?” అన్న చోట చాలామంది “ఆ, అవును” అంటారు (మా ఇంట్లో పెద్దవాళ్లయితే తప్పకుండా). అప్పుడు దేన్నో ఒకదాన్ని ఊహించుకోకుండా, ఉపోద్ఘాతం వదిలేసి పేర్లు మాత్రమే మళ్లీ చెప్పాలి. “రెండోది” అన్నా అర్థం చేసుకోవాలి. ఒక చిక్కు మాత్రం ఉంది: బైయప్పనహళ్లి పేరుతో పాత స్టేషన్ వేరే ఉంది కనుక, ఎంపిక పూర్తయ్యాక “విశ్వేశ్వరయ్య టెర్మినల్ నుంచి” అని అసలు పేరుతో ఒకసారి ధ్రువీకరించాలి.