ఏడవ నిబంధన గారికి

సాలిగ్రామం, చెన్నై.

మహారాజశ్రీ ఏడవ నిబంధన గారికి, పరాయి ముఖాలకు గొంతు అరువిచ్చి బతుకుతున్న ఒక డబ్బింగ్ కళాకారిణి నమస్కరించి వ్రాసుకొనే విన్నపము.

ఉభయకుశలోపరి. నా క్షేమం సంగతి తరువాత మనవి చేస్తాను కానీ, తమరు మాత్రం ఒప్పందం నాలుగో పేజీ అడుగున, చీమలబారు వంటి అక్షరాలలో, సుఖంగా ఉన్నారని ఎరుగుదును. ఇంగ్లీషులో తమరు ఊపిరి తీసుకోని ఒకే ఒక వాక్యం. తెలుగులో చెప్పుకుంటే, ఈ రికార్డింగుపై సమస్త హక్కులనూ, నేడున్నవీ ఇకపై కనిపెట్టబోయేవీ అయిన సకల మాధ్యమాలలో, విశ్వమంతటా, శాశ్వతంగా కళాకారిణి ధారపోసినది. మా నాన్నగారు నెల్లూరులో అరవై గజాల స్థలం కొన్నప్పుడు కూడా దస్తావేజులో నాలుగు హద్దులూ రాయించుకున్నారు. ఆయన కూతురి గొంతుకు తూర్పు హద్దు విశ్వం, పడమర హద్దూ విశ్వమే.

తమరితో నా పరిచయం వడపళనిలోని ఒక చిన్న స్టూడియోలో మొదలైంది. రెండు రోజుల పని, పద్దెనిమిది వేల రూపాయలు, సంస్థ లోపల ఏదో సిస్టం పరీక్షించడానికి మాత్రమేనని కబురు చేశారు. వెళ్లి చూస్తే స్క్రిప్టులో కథ లేదు, పాత్ర లేదు, ఒక వాక్యానికి మరో వాక్యంతో బంధుత్వం లేదు. "ఝంఝామారుతానికి ఘటోత్కచుడు జంకలేదు" అని చదివిన వెంటనే "మీ ఖాతాలో రెండు వేల మూడు వందల నలభై ఏడు రూపాయలు జమ అయ్యాయి" అని చదవాలి. ఆ పిమ్మట ఒకే మాటను కోపంగా, దిగులుగా, గుసగుసగా చెప్పాలి. ప్రతి వాక్యానికీ ముందూ వెనుకా అర సెకను నిశ్శబ్దం వదలమని ఇంజనీరు తమ్ముడు పదే పదే గుర్తు చేశాడు. ఏ సబ్బు ప్రకటనలోనైనా ఝ, ఘ, ఠ, ఢ అన్నీ వరుసగా వస్తాయా అన్న అనుమానం అప్పుడే రావలసింది. భాషలోని ధ్వనులన్నీ, వాటి కలయికలన్నీ ఒక గొంతులో ఎలా పలుకుతాయో యంత్రానికి నేర్పదలచినవారే అటువంటి వాక్యాలను కూర్చుతారని నాకు తరువాత తెలిసింది. లీలగా పోలిన గొంతు తయారు చేయడానికి నేడు నిమిషం లోపు రికార్డింగు కూడా చాలు. కోపతాపాలతో సహా నమ్మదగిన గొంతు కావాలంటే మాత్రం ఇలా గంటల కొద్దీ శుభ్రమైన పఠనం కావాలి. ఆ పద్దెనిమిది వేలకు నేను అమ్ముకున్నది రెండు రోజుల శ్రమ కాదు, నా తరువాత నా పనిలో కూర్చోబోయే యంత్రాన్ని.

ఎనిమిది నెలల తరువాత మా అన్నయ్య కొడుకు ఫోన్ చేసి, "అత్తా, నువ్వు ప్లాట్లు కూడా అమ్ముతున్నావా?" అన్నాడు. వాడు పంపిన ప్రకటనలో ఉన్నది నా గొంతే. ఆ మాటలు మాత్రం నేను ఏ జన్మలోనూ పలకలేదు. ముప్పై సెకన్లలో ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోలేదు. "200 చ.గ." అని ఉన్నచోట చదరపు గజాలు అనకుండా "రెండు వందల చగ" అని ఎంతో ఆత్మీయంగా పలికింది. మోసపోయానన్న బాధ కన్నా, ఆ చగ నా ఖాతాలో పడిందన్న సిగ్గే ఎక్కువైంది.

తమరి వంశం విదేశాలలోనూ వర్ధిల్లుతున్నదని విన్నాను. న్యూయార్కులో ఇద్దరు కళాకారులు, ఒకరు 1,200 డాలర్లకు, ఒకరు 400 డాలర్లకు రికార్డింగు ఇచ్చారు. పరిశోధన కోసమనీ, పరీక్ష కోసమనీ తమకు చెప్పారని వారి ఫిర్యాదు. వారిలో ఒకాయన 2023లో కారులో వెళుతూ, హాలీవుడ్ సమ్మె గురించీ కృత్రిమ మేధ గురించీ ఒక పాడ్‌కాస్ట్ వింటుండగా, తన గొంతే అక్కడ మాట్లాడుతూ ఎదురైంది. యంత్రంతో గొంతులు తయారుచేసే లోవో అనే కంపెనీపై వారు 2024లో దావా వేశారు. 2025 జులైలో న్యాయమూర్తి వారి వాదనలు కొన్నింటిని కొట్టివేశారు. కంఠస్వరం అనేది దానికదే కాపీరైటు కిందకు రాదన్నారు. ఒప్పంద భంగానికీ, న్యూయార్కు రాష్ట్ర చట్టాలకూ సంబంధించిన వాదనలను మాత్రం ముందుకు సాగనిచ్చారు.

ఇక్కడ తమరికి ఒక దుర్వార్త. మన కాపీరైటు చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం, ఒప్పందం జరిగిన నాటికి లేని, లేదా వాణిజ్య వాడుకలోకి రాని మాధ్యమానికి హక్కుల బదిలీ వర్తించాలంటే, దానిని ఒప్పందంలో ప్రత్యేకంగా పేర్కొని ఉండాలి. 39ఏ సెక్షను ఈ రక్షణను ప్రదర్శకుల హక్కులకూ తగినట్టుగా వర్తింపజేస్తున్నది. "ఇకపై కనిపెట్టబోయేవీ" అన్న తమరి గంభీర పదబంధం, ఆ సవరణ తరువాతి ఒప్పందాలలో, నా ఉద్దేశంలో నాటకంలో రాజుగారి కత్తి వంటిది.

అయితే నా సంతోషానికీ హద్దుంది. ఆ చట్టం కాపాడేది నేను చేసిన ప్రదర్శనను. యంత్రం పలికేది నేను చేయని ప్రదర్శన. ఆ ఖాళీని ఇప్పుడు కోర్టులు, ఒకరి పేరునూ రూపునూ గొంతునూ అడగకుండా వాడుకోరాదనే వ్యక్తిత్వ హక్కు పేరుతో పూడుస్తున్నాయి. 2024లో గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అనుకరించే ఏఐ పరికరాలకు వ్యతిరేకంగా బొంబాయి హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు అటువంటిదే. ఆయన గొంతు వినగానే ఆయనే అని జనం గుర్తుపడతారు. నా గొంతు వింటే జనానికి కథానాయిక ముఖం గుర్తొస్తుంది. ఇన్నేళ్లుగా నా పనితనమంతా నన్నెవరూ గుర్తుపట్టకుండా చూసుకోవడమే కదా, ఇక ఏ ముఖం పెట్టుకొని కోర్టుకు వెళ్లను? మా పక్కింటి బొమ్మల మాస్టారి అవస్థ మరీ విడ్డూరం. ఆయన గీసిన బొమ్మకు కాపీరైటు ఉంది గానీ, యంత్రం అనుకరించే ఆయన గీత తీరుకు లేదు.

తమరు లేకుండానే పనులు జరుగుతాయనడానికి దృష్టాంతం మన ఊళ్లోనే ఉంది. 2024లో విడుదలైన ఒక తమిళ చిత్రంలోని పాటకు దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను పునఃసృష్టించినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకొని, తగిన పారితోషికం ఇచ్చామని ఏ.ఆర్. రెహమాన్ ప్రకటించారు. అదే సంవత్సరం, బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును అడగకుండా పునఃసృష్టించారంటూ ఒక తెలుగు చిత్ర నిర్మాతలకు ఆయన కుమారుడు నోటీసు పంపవలసి వచ్చింది. అమెరికా నటుల సంఘం 118 రోజుల సమ్మె తరువాత 2023లో సాధించుకున్న ఒప్పందంలోనూ ఉన్నది ఈ అడగడమే. నటుడి రూపాన్నో గొంతునో పోలిన డిజిటల్ ప్రతిరూపాన్ని దేనికి వాడతారో వివరంగా చెప్పి సమ్మతి తీసుకోవాలి. షూటింగు కోసం నటుడి చేత చేయించిన ప్రతిరూపమైతే, అది చేసిన పనికి ఆ నటుడు ఎన్ని రోజులు పనిచేసి ఉండేవాడో లెక్కగట్టి అన్ని రోజుల వేతనమూ ఇవ్వాలి. నా ప్లాట్ల ప్రకటన ఒక పూట పని. ఆ లెక్కన ప్రకటనకో పూట కూలి చొప్పున నాకు రావలసి ఉంది.

2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ కమిటీ ఒకటి వెలువరించిన చర్చాపత్రం మరో దారి సూచించింది. ఏఐ కంపెనీలు చట్టబద్ధంగా అందుబాటులో ఉన్న రచనలన్నిటితో తమ యంత్రాలకు శిక్షణ ఇచ్చుకోవచ్చు, రాయల్టీని ఒక ఉమ్మడి సంస్థ వసూలు చేసి పంచుతుంది, వద్దు అనే వీలు మాత్రం హక్కుదారుకు ఉండదు. పిల్లను ఇవ్వనన్నా పెళ్లి ఆగదు, కన్యాశుల్కం మాత్రం పోస్టులో వస్తుందన్నమాట.

తమరి స్థానంలో నేను రాసుకున్న వాక్యం చిన్నది. ఈ రికార్డింగు ఈ ఒక్క ప్రకటనకు, తెలుగులో, ఒక సంవత్సరం. యంత్రానికి నేర్పడానికి వాడాలంటే వేరే కాగితం, వేరే ధర, ఎక్కడెక్కడ వాడారో మూడు నెలలకోసారి జాబితా. రేపు ఉదయం పది గంటలకు కోడంబాక్కంలో పని ఉంది. మేనేజరు గారు కాఫీ తెప్పించి, "ఏం లేదమ్మా, మామూలు ఫారమే" అంటూ నాలుగో పేజీ మడిచి ముందుంచుతారు. మడత విప్పుతాను. తమరి మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన ఆయన చేత కూడా పొట్టి సంతకం చేయించుకుంటాను. ఆయన ఒప్పుకోకపోతే కాఫీ తాగి వచ్చేస్తాను.

ఇట్లు,
తమరి కింద ఇదివరకు పదకొండుసార్లు సంతకం చేసిన
విధేయురాలు