చెవిపోటుకు వెల్లుల్లి నూనె

"మా బాబుకి రాత్రంతా చెవిపోటు. తెల్లారేసరికి నొప్పి తగ్గి చీము కారింది. అత్తయ్య వెల్లుల్లి కాచిన నూనె వేద్దామంటున్నారు, వేయొచ్చా?"

వద్దమ్మా, ఇప్పుడు ఒక్క చుక్క కూడా వేయకండి. నొప్పి ఒక్కసారిగా తగ్గి చీము వచ్చిందంటే, లోపల పేరుకున్న చీము ఒత్తిడికి కర్ణభేరి చిరిగి ఉండొచ్చు. కర్ణభేరి బాగుంటే నూనె బయటి గొట్టంలోనే ఆగిపోతుంది. చిల్లు పడితే మాత్రం నేరుగా మధ్యచెవిలోకి దిగుతుంది, గొట్టంలోని మురికినీ క్రిములనీ వెంట తీసుకెళ్తుంది. నూనె వేసిన కాసేపటికి గొంతులో వెల్లుల్లి రుచి తగిలిందని కొందరు చెబుతారు. మధ్యచెవి నుంచి గొంతు వెనక్కి ఒక సన్నని దారి ఉంటుంది కాబట్టి, అది చిల్లుకు గుర్తే. వేడి కాస్త ఎక్కువైతే కళ్లు తిరిగి వాంతులు కూడా అవుతాయి.

చిల్లు బయటికి కనపడదు. డాక్టరు ఓటోస్కోప్‌తో చూడాలి, నూనె నిండి ఉంటే ఆయనకీ సరిగ్గా కనపడదు. ఇంట్లో మిగిలిన పాత చెవి చుక్కలు కూడా వేయకండి. జెంటామైసిన్ లాంటివి చిల్లు గుండా వెళ్తే వినికిడికే ముప్పు.

ఈరోజే ఈఎన్‌టీకి చూపించండి. అప్పటిదాకా నొప్పికి బరువును బట్టి పారాసిటమాల్ చాలు. కారిన చీము బయట తుడవండి, ఇయర్ బడ్ లోపలికి పెట్టొద్దు, తలస్నానం వద్దు. ఇలాంటి చిన్న చిల్లులు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే పూడుకుంటాయి. చెవి వెనక వాచినా, మూతి ఒక పక్కకి లాగినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.