తెలివి తక్కువ పిల్లలు కాదు, తెలియక చెప్పిన మాట

“జ్ఞాపకశక్తి కండరం లాంటిది. రోజూ అంకెలు కంఠస్థం చేయిస్తే అన్ని సబ్జెక్టులూ మెరుగవుతాయి. నేర్చుకున్నది ఏదీ చెరుపు చేయదు. ఒకచోట నేర్పింది మరోచోట వాడలేకపోతే ఆ పిల్లలకు తెలివి లేనట్టే. పదిమందికీ పంపండి.”

చేతులు మారుతూ వస్తున్న ఈ సందేశాన్ని దయచేసి ఇక ఎవరికీ పంపకండి.

కండరం సంగతి 1980లోనే తేలింది. ఎరిక్సన్, చేజ్, ఫలూన్ అనే పరిశోధకులు ఒక కాలేజీ విద్యార్థికి నెలల తరబడి అంకెలు గుర్తుపెట్టుకునే సాధన చేయించారు. మొదట 7 అంకెలు చెప్పగలిగినవాడు చివరికి 79 చెప్పాడు. అంకెల బదులు అక్షరాలు ఇస్తే ఆరు దగ్గరే ఆగిపోయాడు. అతను పరుగు పందేల క్రీడాకారుడు, అంకెలను పరుగు సమయాలుగా గుర్తుపెట్టుకునేవాడు. పెరిగింది ఆ కిటుకు, జ్ఞాపకశక్తి కాదు.

నేర్చింది చెరుపు చేయదా? 0.35, 0.8లలో ఏది పెద్దదో పిల్లలను అడగండి. చాలామంది 0.35 అంటారు, 8 కన్నా 35 పెద్దది కాబట్టి. పూర్ణసంఖ్యల్లో సరైన సూత్రమే ఇక్కడ దారి తప్పిస్తుంది. ఒకచోట నేర్చింది మరోచోట ప్రభావం చూపడాన్ని బదలాయింపు అంటారు, ఇలా చెరుపు చేస్తే అది ప్రతికూల బదలాయింపు. 0.75, 0.3 మాత్రమే అడిగే ఉపాధ్యాయుడికి ఈ పొరపాటు కనిపించదు, తప్పు సూత్రంతోనూ సరైన జవాబే వస్తుంది.

నాకు అసలు కోపం తెప్పించేది తెలివి గురించిన మాట. గిక్, హోలియోక్ అనే పరిశోధకులు 1980లో కాలేజీ విద్యార్థులకు ఒక కథ చెప్పారు. కోటకు వెళ్లే దారుల్లో మందుపాతరలున్నాయి, పెద్ద దళం నడిస్తే పేలతాయి. సేనాపతి సైన్యాన్ని చిన్న గుంపులుగా విడదీసి, అన్ని దారుల నుంచీ ఒకేసారి కోటకు చేర్చాడు. తర్వాత ఒక సమస్య ఇచ్చారు: కడుపులోని కణితిని చంపేంత బలమైన కిరణం దారిలోని మంచి కణాలనూ చంపుతుంది, ఏం చేయాలి? బలహీన కిరణాలను అనేక వైపుల నుంచి కణితి మీద కలిసేలా పంపాలి. కథ వినని వాళ్లలో సుమారు పదిశాతం మందికి ఇది తట్టింది. విన్నవాళ్లలోనూ సుమారు 30 శాతానికే. “ఆ కథ పనికొస్తుందేమో చూడండి” అనగానే సుమారు 75 శాతం మంది చెప్పేశారు. వాళ్లకు తెలివి లేదా? సైన్యం, కిరణం పైకి వేరుగా కనిపించాయి, అందుకే కథ గుర్తుకు రాలేదు. కాలేజీ విద్యార్థులకే తట్టనిది ఎనిమిదేళ్ల పిల్లకు తట్టకపోతే మందబుద్ధి అని ముద్ర వేస్తారా?

ఏం చేయాలో కూడా గిక్, హోలియోక్‌లే 1983లో చూపించారు. ఒకే కథకు సూత్రం జోడించి చెప్పినా పెద్దగా లాభం లేకపోయింది. ఒకే ఉపాయమున్న రెండు వేర్వేరు కథలిచ్చి, వాటిలో పోలిక ఏమిటో రాయమన్నప్పుడు ఎక్కువమంది కిరణాల సమస్యను సాధించారు. తరగతిలోనూ అంతే: పైకి పోలని రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి, రెండింటికీ ఒకే పద్ధతి ఎందుకు పనికొచ్చిందో పిల్లల చేతే రాయించాలి.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. రోజూ సాధన చేయించమన్న సలహాలో పస ఉంది. ఎక్కాలు నోటికొచ్చిన పిల్లలకు భాగహారం తేలికవుతుంది. అది సమీప బదలాయింపు, అంటే నేర్చింది దానికి దగ్గరి పనిలో సాయపడటం, భాగహారంలో వాడేది ఆ ఎక్కాలనే కనుక. చరిత్ర పాఠానికి వాటితో పని లేదు.