ఏ రోజు మాట ఇది?

ఒక గేమ్ రివ్యూ స్కోరు పడిపోతే చాలు, ‘ప్లేయర్లు ఛీకొట్టారు’ అని హెడ్డింగ్ పెట్టేస్తున్నారు. ఎప్పుడు పడింది, ఎందుకు పడింది, ఆ కారణం ఈ రోజుకీ ఉందా అని చూసేవారు కరువయ్యారు. కొనేవాళ్లదీ అదే వరస. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ‘మిక్స్‌డ్’ అన్న మాట కనబడగానే పేజీ మూసేస్తున్నారు. ఆ మాటకు అర్థం నూటికి 40 నుంచి 69 మంది దాకా ఆ గేమ్‌ను సిఫారసు చేశారని. పది మందిలో దాదాపు ఏడుగురు బాగుందన్న ఆటకూ, నలుగురే బాగుందన్న ఆటకూ స్టోర్ వేసే ముద్ర ఒక్కటే. ఈ ముద్రను చూసి డబ్బు ఖర్చు పెట్టడమూ, దీన్ని చూసి వార్త రాయడమూ రెండూ తప్పే.

రివ్యూ అనేది ఒక మనిషి, ఒక రోజు, ఒక మెషీన్ మీద, ఒక వెర్షన్ ఆడి చెప్పిన మాట. అందులోంచి ఆ రోజును తీసేస్తే ఇంకేమీ మిగలదు. గుంపుగా వచ్చిపడే రివ్యూ బాంబింగ్‌లోనూ, లోపాలు సరిదిద్దే ప్యాచ్‌తో ఎప్పుడో పోయిన బగ్ మీద ఇంకా కనిపించే తిట్లలోనూ జరుగుతున్నది ఇదే. తేదీ చూడకుండా చదువుతున్నాం.

ఫైర్‌వాచ్ సంగతి తీసుకుందాం. 2016 ఫిబ్రవరిలో వచ్చిన గేమ్. అడవిలో మంటలు చెలరేగకుండా కాపలా కాసే ఉద్యోగి కథ. నడవడం, వాకీటాకీలో పై అధికారిణితో మాట్లాడటం, అంతే. నాలుగైదు గంటల్లో అయిపోతుంది. మొదటి ఏడాది వచ్చిన నెగెటివ్ రివ్యూల్లో పదేపదే కనిపించే ఫిర్యాదులు మూడు: చిన్న గేమ్, చేయడానికి ఏమీ లేదు, ముగింపు చప్పగా ఉంది. ఇవి ఆట గురించిన మాటలు. ఒప్పుకోకపోవచ్చు గానీ కొనేవాడికి పనికొస్తాయి.

2017 సెప్టెంబరులో కథ మారింది. ప్యూడీపై అనే యూట్యూబర్ ఒక లైవ్‌స్ట్రీమ్‌లో జాత్యహంకారపు బూతు మాట వాడాడు. దాంతో ఫైర్‌వాచ్ తయారుచేసిన కాంపో సాంటో సంస్థ, అతని చానల్లో ఉన్న తమ గేమ్ వీడియో మీద కాపీరైట్ నోటీసు ఇస్తామని ప్రకటించింది. అంతే, స్టోర్ పేజీ మీద నెగెటివ్ రివ్యూలు విరుచుకుపడ్డాయి. గేమ్‌లో ఒక్క అక్షరం మారలేదు. అంతకుముందు వారం ఎలా ఉందో అలాగే ఉంది. మారింది స్కోరు.

ఇలాంటి రివ్యూను పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. గేమ్ పేరు చెరిపేసి చదవండి. అది ఏ రకం ఆటో, అందులో ఏం చేయాలో, ఎక్కడ విసుగొచ్చిందో ఒక్క ముక్కైనా తెలిసిందా? తెలియకపోతే అది గేమ్ మీద రాసినది కాదు, కంపెనీ మీద రాసినది. ఆడిన గంటలు చూసి నిజమైన రివ్యూను గుర్తుపట్టవచ్చని చాలామంది నమ్ముతారు. అది సగం నిజమే. స్టీమ్‌లో గేమ్ లేనివాళ్లు రివ్యూ రాయలేరు కాబట్టి బాంబింగ్‌కు వచ్చేవాళ్లలో ఎప్పుడో కొని పూర్తి చేసినవాళ్లూ ఉంటారు. వాళ్ల గంటలు నిండుగా ఉంటాయి. కానీ ఆడింది ఏడాదిన్నర కింద, రాసింది నిన్న. గంటల లెక్క ఆ తేడా చెప్పదు, తేదీయే చెబుతుంది.

ఆ గొడవ జరిగిన నెలలోనే స్టీమ్ రివ్యూల గ్రాఫ్ తెచ్చింది. గీతకు పైన మెచ్చుకున్నవి, కింద తిట్టినవి. మామూలు గేమ్‌కు రెండూ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. విడుదల రోజు ఎత్తు, తర్వాత దిగుడు, డిస్కౌంట్ వచ్చినప్పుడు మళ్లీ చిన్న ఎత్తు. పైన ఏ కదలికా లేకుండా కింద మాత్రం ఒక్క కడ్డీ పాతాళానికి దిగిందంటే ఆ వారం ఏదో జరిగింది. ఆ కడ్డీ మీద నొక్కితే ఆ రోజుల్లో రాసినవే తెరుచుకుంటాయి. పది చదివితే చాలు, గేమ్‌లో జరిగిందా బయట జరిగిందా తేలిపోతుంది. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు పెట్టకుండానే హెడ్డింగులు రాస్తున్నారు.

బయటి గొడవలాగా కనిపించేదంతా తీసిపారేయాలా? వద్దు. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 మీద మూడు రోజుల్లో రెండు లక్షలకు పైగా నెగెటివ్ రివ్యూలు పడ్డాయి. స్టీమ్‌లో ఆడేవాళ్లు కూడా ప్లేస్టేషన్ అకౌంట్ జత చేయాల్సిందేనని సోనీ చెప్పడమే కారణం. ఆ అకౌంటే దొరకని దేశాలు బోలెడు. అక్కడివాళ్లకు ఇది కోపం కాదు, కొన్న గేమ్ చేజారిపోయే పరిస్థితి. ఆ వారం కొనబోతున్నవాడికి అంతకన్నా ముఖ్యమైన సమాచారం ఇంకొకటి లేదు. గేమ్ పేరు చెరిపే పరీక్ష ఇక్కడ తప్పుతుంది. అందుకే రెండో ప్రశ్న కూడా అడగాలి: ఇది నేను కొనే వస్తువును మారుస్తుందా? మారిస్తే అది బాంబింగ్ అయినా సరే, చదవాలి.

అయితే సోనీ మూడు రోజుల్లో వెనక్కి తగ్గింది. చాలామంది తమ రివ్యూలు మార్చుకున్నారు, వారికి అభినందనలు. మార్చనివాళ్ల మాటలు మే మొదటి వారం నాటి కోపంతో అలాగే నిలబడి, ఆ తర్వాత కొనడానికి వచ్చినవాడికి లేని ప్రమాదాన్ని చూపించాయి. రివ్యూ ఒక్కటే కొనుగోలుదారుడి చేతిలో ఉన్న ఆయుధమని వాదించేవారున్నారు. ఆ వాదనలో న్యాయముంది. కానీ గెలిచాక కూడా దించని ఆయుధం తగిలేది కంపెనీకి కాదు, తర్వాత వచ్చే కొనుగోలుదారుడికి.

ఇక ప్యాచ్‌ల సంగతి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీ వెర్షన్ 2023 మార్చి 28న విడుదలైంది. మొదటి రోజు రివ్యూలు ఘోరం. తెర మీద బొమ్మను గీసే చిన్న ప్రోగ్రాములైన షేడర్ల తయారీకి అంతులేని నిరీక్షణ, మధ్యలో క్రాష్‌లు, వీడియో మెమరీ చాలక తడబాటు. అవన్నీ నిజాలు. ఆ రివ్యూల్లో ఆడిన సమయం గంటో గంటన్నరో ఉంటుంది. దాన్ని చూసి ‘వీడు ఆడనే లేదు’ అని కొట్టిపారేయడం అన్యాయం. రెండు గంటలు దాటితే స్టీమ్‌లో రీఫండ్ కష్టం. షేడర్లు తయారయ్యేంతసేపూ ఆ గడియారం తిరుగుతూనే ఉంది. క్రాష్ గురించి చెప్పడానికి అరగంట ఆట చాలు. కథ బాగాలేదని చెప్పడానికి చాలదు. ఫిర్యాదుకు తగ్గ సమయం ఆడాడా అన్నదే చూడాలి.

ఆ తర్వాత వరసగా ప్యాచ్‌లు వచ్చాయి. మరి మార్చి 28 నాటి మాట ఈ రోజు చెల్లుతుందా? దీన్ని తేల్చే పద్ధతి ఒకటే. పాత రివ్యూ నుంచి లక్షణాన్ని పట్టుకోండి. ‘చెత్త పోర్ట్’ అన్నది లక్షణం కాదు, ‘షేడర్లు తయారవుతుండగా క్రాష్ అయింది’ అన్నది లక్షణం. గేమ్ అప్‌డేట్ల పేజీ తెరిచి, ఆ తేదీ తర్వాత వచ్చిన ప్యాచ్ నోట్స్‌లో అదే లక్షణం కోసం వెతకండి. అక్కడితో ఆగకండి. ‘సరిచేశాం’ అని రాయడం వేరు, ‘కొందరిలో కనిపించిన సమస్యను తగ్గించాం’ అని రాయడం వేరు. రెండో మాట రాశారంటే సమస్య ఇంకా ఉందని వాళ్లే ఒప్పుకున్నట్టు. చివరగా, గత 30 రోజుల రివ్యూల్లో అదే లక్షణం మళ్లీ వచ్చిందా చూడండి. ఎవరూ ప్రస్తావించకపోతే ఆ ఫిర్యాదు చాలావరకు తీరినట్టే. ప్యాచ్ తర్వాత తేదీతో మళ్లీ కనిపిస్తే నోట్స్‌ను నమ్మకండి, రాసినవాడి గ్రాఫిక్స్ కార్డు మీ దానికి దగ్గరగా ఉందేమో చూసుకోండి. నెల మొత్తానికి పదిహేను రివ్యూలే ఉన్న చిన్న గేమ్‌కు ఈ చివరి మెట్టు పనిచేయదు. అక్కడ మౌనానికి అర్థం సమస్య పోయిందని కాదు, ఆడేవాళ్లే లేరని కావచ్చు.

ఆశించింది ఒకటి, కొన్నది మరొకటి అయిన రివ్యూలను మాత్రం పాతవైనా చదవాలి. ‘కాల్పులు లేవు, ఊరికే నడవడమే’ అని ఫైర్‌వాచ్‌ను తిట్టినవాడు అబద్ధం చెప్పలేదు. తనకు సరిపడనిది కొనుక్కున్నాడు. నడక, మాటలు ఇష్టపడేవాడికి ఆ తిట్టే పెద్ద సిఫారసు. ఏ ప్యాచ్ వచ్చినా ఆ ఆట స్వభావం మారదు కాబట్టి ఆ మాటకు కాలదోషం లేదు.

ఇంత పని కొనేవాడే చేసుకోవాలా అని అడిగేవారికి మా జవాబు: చేయాల్సింది స్టోర్. తప్పించుకుంటున్నదీ స్టోరే. 2019 మార్చిలో స్టీమ్ ఒక విధానం తెచ్చింది. విషయానికి సంబంధం లేని రివ్యూల దాడి అని తమ సిబ్బంది తేల్చిన రోజులను స్కోరు లెక్కలోంచి తీసేస్తారు. రివ్యూలు అక్కడే ఉంటాయి, లెక్కలోకి మాత్రం రావు. కాపీ నిరోధక సాఫ్ట్‌వేర్ మీద, లైసెన్స్ షరతుల మార్పు మీద వచ్చే ఫిర్యాదులను కూడా ఆ సంబంధం లేని జాబితాలోనే వేసుకున్నారు. ఆ సాఫ్ట్‌వేర్ కొన్నవాడి కంప్యూటర్లోనే నడుస్తుంది, ఆ షరతులకు ఒప్పుకోవాల్సింది కొన్నవాడే. వాటికి సంబంధం లేదని అమ్మేవాడు ఎలా తేలుస్తాడు? ఏది సంబంధమో తేల్చే అధికారం తీసుకున్న సంస్థ, కొనేవాడు తనంతట తానే తేల్చుకోవడానికి కావలసిన ఒక్క వివరం మాత్రం ఇవ్వడం లేదు. రివ్యూ పక్కన తేదీ వేస్తారు, ఆడిన గంటలు వేస్తారు, ఏ బిల్డ్, అంటే ఏ వెర్షన్ ఆడి రాశారో వేయరు. ప్రతి బిల్డ్‌నూ ఆ కంప్యూటర్‌కు పంపింది వాళ్లే. ఎప్పుడు పంపారో రికార్డు ఉన్నదీ వాళ్ల దగ్గరే. ‘ఈ రివ్యూ తర్వాత ఈ గేమ్‌కు ఇన్ని ప్యాచ్‌లు వచ్చాయి’ అని ఒక్క లైను రాయడానికి ఏం అడ్డు?

రాసేవాళ్లకూ ఒక మాట. మీరు ఫిర్యాదు చేసిన బగ్ పోయింది, మీరు ఆ గేమ్‌ను ఇంకా ఆడుతూనే ఉన్నారు, మీ గంటలు మీ రివ్యూ పక్కనే పెరుగుతూ అందరికీ కనిపిస్తున్నాయి. ఎడిట్ బటన్ కూడా అక్కడే ఉంది. నొక్కండి.