ఆకాశం ఖాళీగా ఉంది కదా అని అక్షరాలు అక్కడ పడేస్తే ఎలా?

పిల్లల బొమ్మల పుస్తకంలో బొమ్మ మీద తెల్ల డబ్బా వేసి, దాంట్లో అక్షరాలు కూర్చిన పేజీ కనిపిస్తే నాకు వెంటనే అర్థమైపోతుంది, కథ రాసినవాళ్లూ బొమ్మలు వేసినవాళ్లూ పేజీ కూర్చినవాళ్లూ ఒక్కసారి కూడా ఒక బల్ల దగ్గర కూర్చోలేదని. అక్షరాలు ఎక్కడ పెట్టినా బొమ్మ మింగేస్తోంది, ప్రెస్సుకు పంపే టైమ్ అయిపోయింది, ఒక డబ్బా వేసేశారు. అంతే.

ఆ డబ్బా నేనూ వేశాను, అందుకే చెబుతున్నా.

అదొక సంత బొమ్మ. పేజీ 21 సెంటీమీటర్ల చదరం, పుస్తకం తెరిస్తే 42 సెంటీమీటర్ల స్ప్రెడ్. ఎడమ పేజీ నిండా వంకాయ కుప్పలు, గాజుల కొట్టు, గొడుగులు, జనం. పైన ఒక ముక్క ఆకాశం. అందులోకి పక్కనుంచి వేపకొమ్మ వంగి ఉంటుంది. కుడి పేజీలో జనం పలచబడతారు, కింద ఎర్రమట్టి నేల, మూలన బండి చక్రం చాటున తెల్లగా ఒక తోక. కథలో పిల్ల వెతుకుతున్న మేకపిల్ల అదే. ముందు ఇంగ్లీషులో తయారైన పుస్తకం కాబట్టి ఆ ఆకాశం ముక్కలో మూడు లైన్లు చక్కగా ఇమిడిపోయాయి, రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు కూడా పట్టలేదు. తెలుగు కూర్చేసరికి కథ మారిపోయింది.

తెలుగులో మాటల సంఖ్య తగ్గినా ఒక్కో మాటా పొడుగు, పైగా చిన్నపిల్లల పుస్తకంలో మాటను మధ్యలో విరిచి కింది లైనులో వేయలేం. దానికి తోడు పైన గుడులు, కింద ఒత్తులు. 18 పాయింట్ల ఇంగ్లీషు అక్షరానికి లైనుకూ లైనుకూ మధ్య 24 పాయింట్లు సరిపోయిన చోట తెలుగుకు నేను 30 దాకా ఇస్తాను, లేకపోతే పై లైను ఒత్తు కింది లైను గుడిని గుద్దుకుంటుంది. అలా నాలుగు లైన్లయ్యాయి, ఎత్తు నాలుగు సెంటీమీటర్లు దాటింది, నాలుగో లైను వెళ్లి వేపకొమ్మలో చిక్కుకుంది.

అయితే ఏం, కొమ్మ మీద నల్ల అక్షరాలు కాస్త మసగ్గా ఉంటాయి, అంతేగా అనుకున్నాం. ప్రూఫ్ తెచ్చి ఒక రెండో క్లాసు పిల్లతో చదివిస్తే ‘దూరంగా’ అన్న మాట దగ్గర ఆగిపోయి, కాసేపు చూసి, ‘దూఠంగా’ అంది. దగ్గరికి తీసుకుని చూస్తే ఆకుల నీడలోంచి ఒక నల్లచుక్క సరిగ్గా ‘ర’ కడుపులో పడింది. ‘ర’ లోపల చుక్క పెడితే ‘ఠ’ కాక ఇంకేమవుతుంది? మన లిపిలో ఇలాంటి జతలు బోలెడు. ‘డ’ కింద చిన్న గీత తగిలితే ‘ఢ’, ‘ప’కు తలకట్టు అతుక్కుంటే ‘వ’. పెద్దవాళ్లం మాట మొత్తాన్ని ఒక్క చూపులో పట్టేస్తాం కాబట్టి మనకు తేడా రాదు. అక్షరం తర్వాత అక్షరం కూడబలుక్కునే పిల్లకు ఆ చుక్కే అక్షరం.

అప్పుడు నాకు బోధపడిన సంగతి ఏమిటంటే, బొమ్మలో హడావిడి అంటే వస్తువులు ఎక్కువగా ఉండటం కాదు. అక్షరం గీత ఎంత లావుందో దాదాపు అంతే లావుండే గీతలూ చుక్కలూ ఆ చోట ఉండటం, వెలుగూ చీకటీ అంత దగ్గర దగ్గరగా మారుతూ ఉండటం. గడ్డిపరకలు, వేపాకులు, గులకరాళ్లు, చీర మీద చుక్కలు, ఇవి అక్షరాలకు శత్రువులు. అదే ఒక పెద్ద మబ్బు ఒక పక్క లేత నీలం, ఇంకో పక్క తెలుపు అయినా, ఆ మార్పు మెల్లగా జరుగుతుంది కాబట్టి నల్ల అక్షరం దాని మీద హాయిగా నిలబడుతుంది. తేల్చుకోవడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. బొమ్మను బ్లాక్ అండ్ వైట్ చేసి, పేజీని చేయిచాపు దూరంలో పట్టుకుని కళ్లు సగం మూసి చూడండి. ఎక్కడ ఒకే ముద్దగా, లేతగా కనిపిస్తుందో అదే అక్షరాల చోటు. రంగుల్లో చూస్తే మోసపోతాం, ఎరుపూ ఆకుపచ్చా వేరువేరుగా కనిపిస్తాయి కానీ బ్లాక్ అండ్ వైట్‌లో చాలాసార్లు రెండూ ఒకే బూడిదరంగు.

ముదురు చోట తెల్ల అక్షరాలు వేయొచ్చుగా అని అడుగుతారు. ఒక్క భాషలోనే వచ్చే పుస్తకమైతే వేయొచ్చు, అదీ లావు అక్షరాలైతేనే. మన దేశంలో చాలా బొమ్మల పుస్తకాలు ఒకే బొమ్మలతో నాలుగైదు భాషల్లో వస్తాయి. రంగుల అచ్చులో ఒక్కో ఇంకుకు ఒక్కో ప్లేటు, నలుపుతో కలిపి నాలుగు. అక్షరాలు ఉత్త నలుపులో ఉంటే మిగతా మూడు రంగుల ప్లేట్లూ అన్ని భాషలకూ అవే పనికొస్తాయి, నలుపు ప్లేటు ఒక్కటి మారిస్తే చాలు. తెల్ల అక్షరం అంటే ఇంకు లేని ఖాళీ, ఆ ఖాళీని రంగు ఉన్న ప్రతి ప్లేటులోనూ వదలాలి, అంటే భాష మారినప్పుడల్లా నాలుగు ప్లేట్లూ కొత్తవే. పైగా ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా సన్నటి తలకట్టు రంగుతో పూడిపోతుంది. అక్షరాల చుట్టూ తెల్లటి మెరుపు పెట్టడం ఇంకో చిట్కా, నాకు అదీ నచ్చదు, చూడగానే సినిమా పోస్టర్ గుర్తొస్తుంది.

మళ్లీ సంతకొస్తే, ముందు అక్షరాలను 14 పాయింట్లకు తగ్గించి చూశాం. చోటు సరిపోయింది కానీ ఒత్తులు చీమల్లా అయిపోయాయి. తర్వాత వేసిందే ఆ తెల్ల డబ్బా. గాజుల కొట్టు పైభాగం దాని కింద మాయమైంది, బొమ్మలేసిన అమ్మాయి ఫోన్ చేసి, “ఆ గాజులు వెయ్యడానికి నాకు రెండు రోజులు పట్టిందండీ” అంది. కోపంగా కాదు, నీరసంగా.

చివరికి ఆ అమ్మాయే దారి చూపించింది. నాలుగు లైన్లూ ఒక్కచోటే ఉండాలని ఎవరన్నారు అంది. పిల్ల సంతలో వెతకడం చెప్పే రెండు వాక్యాలు ఆకాశంలో మూడు లైన్లుగా ఉంచి, దూరంగా ఏదో కదిలింది అనే చివరి వాక్యాన్ని కుడి పేజీ ఎర్రమట్టి నేల మీదికి దింపాం. మట్టిలో ఉన్న గులకరాళ్లను తను సగానికి పైగా చెరిపేసింది, నేల రంగు రెండు ఛాయలు లేత చేసింది, నలుపు దాని మీద నిలిచింది. మూడో లైను కింద కొమ్మ చివర కొంచెం తగిలితే దాన్నీ కత్తిరించింది. ఆ వాక్యాన్ని బండి చక్రానికి ఆనించలేదు, ఆరేడు సెంటీమీటర్ల ఎడం వదిలాం. మధ్య మడత దగ్గర కూడా రెండు పక్కలా సెంటీమీటరున్నర వదిలాం, ఎందుకంటే గమ్ బైండింగ్ పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, అక్కడ పడిన అక్షరాన్ని మడత మింగేస్తుంది.

దీంతో మేం అనుకోనిది ఒకటి జరిగింది. ఇంతకుముందు పిల్లలు పైన ఉన్నదంతా చదివేసి, బొమ్మ వైపు ఒక చూపు చూసి పేజీ తిప్పేసేవాళ్లు. ఇప్పుడు ఆకాశం దగ్గర మొదలుపెట్టి, గాజుల మీదుగా, గొడుగుల మీదుగా కిందికి జారి, కుడి మూల వాక్యం దగ్గరికి వచ్చేలోపే కొందరు తోకను పట్టేసి అరుస్తున్నారు, వాక్యం తర్వాత చదువుతున్నారు.

అలాగని ఖాళీ నేల కనిపించిన ప్రతిచోటా ఇదే పని చేయలేం. అదే పుస్తకంలో సంత అయిపోయాక పిల్ల ఒక్కతే మైదానంలో నిలబడ్డ స్ప్రెడ్ ఉంది. అక్షరాలకు అంతకన్నా అనువైన చోటు పుస్తకం మొత్తంలో లేదు. కానీ అక్కడ ఖాళీయే కథ, ఆ పిల్ల పక్కన రెండు లైన్లు పెట్టగానే దానికి తోడు దొరికినట్టు అయిపోయింది. ఆ వాక్యాలను వెనక పేజీకి జరిపి, ఆ స్ప్రెడ్‌ను మాటల్లేకుండా వదిలేశాం.

ఇదంతా బొమ్మలు పూర్తయ్యాక చేసిన రిపేరు, రెండు వారాలు పట్టింది. తర్వాతి పుస్తకానికి పెన్సిల్ రఫ్ దశలోనే తెలుగు వాక్యాలను అసలు సైజులో ప్రింటు తీసి, కత్తిరించి, బ్లూ టాక్‌తో రఫ్ మీద అతికించి పంపుతున్నాను. తెలుగు ఇంకా తయారవకపోతే ఇంగ్లీషు పట్టే ఎత్తుకు దాదాపు రెట్టింపు కాగితం ముక్క, నిలువుగా కాకుండా వెడల్పుగా కత్తిరించి పెడుతున్నాను, సన్నటి చోటిస్తే తెలుగు లైనుకు రెండే మాటలు పడతాయి మరి. మొన్న ఆ అమ్మాయి ఒక రఫ్ వెనక్కి పంపింది. నా కాగితం ముక్క ఉన్న చోట చెరువు గట్టు గీసి, పక్కన రాసింది: “ఇక్కడ గడ్డి వెయ్యను.”