పట్టికలో ఐదుగురు, నిజానికి ఎందరు?

మన సంఘంలో పరిచయమున్న ఒకామె ఈమధ్య నాకు ఒక ప్రణాళిక పంపారు. వేరే దేశం నుంచి చేతిపని వస్తువులు తెప్పించి అమ్మే ఆన్‌లైన్ దుకాణం పెట్టాలని ఆమె ఉద్దేశం. ముప్పై పేజీల్లో లోగో రంగులకు రెండు, ఫొటోలకు నాలుగు పేజీలు కేటాయించారు. సరుకు ఆగిపోతే ఏమిటన్న ప్రశ్నకు మాత్రం ఒక్క వాక్యం దక్కింది: "మాకు ఐదుగురు సరఫరాదారులు ఉన్నందున ఒకరి మీదే ఆధారపడే ప్రమాదం లేదు." చాలా ఏళ్లు సరుకు రవాణా కాగితాల మధ్య గడిపినవాణ్ని కాబట్టి నా కన్ను ఆ వాక్యం దగ్గరే ఆగింది. ఇలాంటి ప్రణాళికల్లో అన్నిటికంటే తేలిగ్గా రాసేసే వాక్యం అదే.

ఐదుగురూ ఎవరని అడిగాను. మట్టి కప్పుల సెట్లు చేసే ఒకామె, శాలువాలు నేసే ఇద్దరు, చెక్క పెట్టెలు చేసే ఒకరు, గాజు పూసల నగలు చేసే ఒకరు. అంచనా అమ్మకాల్లో కప్పుల వాటా 46 శాతం, శాలువాలవి 20, 16, పెట్టెలది 12, నగలది 6. పేర్లు లెక్కపెడితే ఐదే. పేర్లను కాక బరువును లెక్కపెట్టడానికి ఆర్థికశాస్త్రంలో ఒక పాత పద్ధతి ఉంది. ఒక్కొక్కరి వాటాను దానితోనే గుణించి, వచ్చినవన్నీ కూడి, ఒకటిని ఆ మొత్తంతో భాగించాలి. అందరివీ సమాన వాటాలైతే జవాబు అయిదే వస్తుంది. ఈమె పట్టికకు వచ్చింది 3.4. అంటే కాగితం మీద ఐదుగురున్నా, ప్రమాదం దృష్టితో చూస్తే మూడున్నర మంది కూడా లేరు.

అక్కడితో అయిపోలేదు. "ఆ నేతపనివారిద్దరూ నూలుకు రంగు ఎక్కడ వేయిస్తారు?" అని అడిగితే ఆమెకు తెలియదు. రెండు రోజుల తర్వాత ఫోను చేసి, కాస్త నవ్వుతూ, "ఇద్దరిదీ ఒకే అద్దకం చోటేనండీ" అన్నారు. అక్కడ నీళ్ల సమస్య వచ్చినా, రంగు పొడి అందకపోయినా రెండు మగ్గాలూ ఒకే వారంలో ఖాళీగా కూర్చుంటాయి. కాబట్టి ఆ ఇద్దరినీ 36 శాతం వాటా ఉన్న ఒకరుగా లెక్కించాలి. అలా చూస్తే 3.4 కాస్తా 2.8 అయింది. ప్రణాళిక రాసేవారు తమకు సరుకు ఇచ్చేవారిని మాత్రమే చూస్తారు. వారికి సరుకు ఇచ్చేవారు ఎవరో అడగరు. చేతిపనిలో అసలు ఇరుకు అక్కడే ఉంటుంది: ఒకే అద్దకం, ఒకే బట్టీ, ఒకే కట్టెకోత.

ఇంకో సంగతి. వాటాను అమ్మకాల్లోనే కాక మిగులులో కూడా చూడాలి. కప్పుల మీద మిగిలేది ఎక్కువ కనుక, ఆమె లాభంలో వాటి వాటా 58 శాతం. సగానికి పైగా లాభం ఒక్క మనిషి రెండు చేతుల మీద నిలబడి ఉంది. ఒంటిస్తంభం మేడ అంటే అదే.

ఇలాంటి మేడ కట్టవచ్చా, కూడదా అన్నది నా వాదన కాదు. చిన్న దుకాణానికి ఆ మేడ తప్పకపోవచ్చు. స్తంభం కదిలితే ఎన్ని రోజులు నిలబడగలమో తెలిసి కట్టాలి. సరఫరా గొలుసుల మీద పరిశోధన చేసే ఎం.ఐ.టి. ఆచార్యుడు డేవిడ్ సిమ్చి-లెవీ ఫోర్డ్ మోటార్ కంపెనీతో పనిచేస్తూ ఇందుకు రెండు కొలతలను ముందుకు తెచ్చారు. ఒక సరఫరా ఆగితే తిరిగి మామూలు స్థితికి రావడానికి పట్టే కాలం ఒకటి. అది రాకుండా మనం నెట్టుకురాగల కాలం రెండోది. మొదటిది రెండోదానికంటే ఎక్కువైతే ఆ మధ్యలో దుకాణం ఖాళీ. వేల భాగాలు కొనే కార్ల కంపెనీ కోసం పెట్టిన లెక్కే అయినా, ఐదుగురితో నడిచే దుకాణానికి ఇది ఇంకా బాగా సరిపోతుంది. అరగంటలో తేలిపోతుంది కూడా.

కప్పులకు ఆ లెక్క వేశాం. చేతిలో ఉండే నిల్వ 120 సెట్లు. మామూలు రోజుల్లో రోజుకు నాలుగు అమ్ముడుపోతాయని అంచనా, అంటే నెట్టుకురాగలిగేది 30 రోజులు. బహుమతులు కొనే రోజుల్లో రోజుకు పది పోతాయి, అప్పుడు 12 రోజులే. ఇక ఆ కప్పులు చేసే ఆమె ఏ కారణం వల్లనో పని మానేశారనుకుందాం. కొత్త మనిషిని వెతకడానికి మూడు వారాలు. నమూనాలకు నాలుగు వారాలు, ఎందుకంటే ఒకసారి చేసినవి ఎప్పుడూ సరిపడవు, రెండోసారి దిద్దాలి. మొదటి విడత సరుకుకు మరో నాలుగు, రవాణాకు అయిదు. మొత్తం 16 వారాలు, 112 రోజులు.

"డబ్బు కాస్త ఎక్కువిస్తే త్వరగా చేయరా?" అని ఆమె అడిగారు. మట్టి వినదు. చేసిన కప్పు నిదానంగా ఆరాలి. లోపల తడి ఉండగా బట్టీలో పెడితే నీరు ఆవిరై కప్పు పగిలిపోతుంది, ఒక్కోసారి పక్కనున్న వాటినీ పాడుచేస్తుంది. ఆరిన తర్వాత ఒకసారి కాల్చి, గాజులా మెరిసే పూత, అంటే గ్లేజు పూసి, మళ్లీ ఇంకా ఎక్కువ వేడిలో కాల్చాలి. బట్టీ దానంతటది చల్లారేవరకు తలుపు తెరవకూడదు. కర్మాగారంలోనైతే మరో షిఫ్టు పెట్టవచ్చు. ఇక్కడ కుదరదు.

సలహా చెప్పేవారు వెంటనే అనే మాట: అదే కప్పును ఇంకొకరి చేత కూడా చేయించండి. చేతిపనికి ఇది చెల్లదని నా గట్టి అభిప్రాయం. ఒకే మట్టి, ఒకే గ్లేజు ఇచ్చినా వేరే చేతిలో అంచు మందం మారుతుంది, వేరే బట్టీలో నీలం బూడిదరంగుకు తిరుగుతుంది. ఫొటోలో చూసిన కప్పు కాకుండా దాని చెల్లెలు ఇంటికొస్తే కొన్నవారు తిప్పి పంపుతారు. పోనీ అచ్చుగుద్దినట్టు చేయిస్తే మొదటి ఆమె పనితనాన్ని కాపీ కొట్టినట్టే. రెండో మనిషి కావాలి, నిజమే. కానీ ఆ మనిషి తన సొంత కప్పును, తన పేరుతో చేయాలి. అదే అవసరానికి, దాదాపు అదే ధరకు సరిపోయే ఇంకో బహుమతి మన దగ్గర ఉండాలి. మొదటిది అయిపోయిన రోజున పేజీ ఖాళీగా ఉండదు, ఎవరినీ మోసగించినట్టూ ఉండదు. ఆ రెండో మనిషికి అవసరం వచ్చినప్పుడు కాక మొదటి నుంచీ కొంత పని ఇస్తూ ఉండాలి. ఎప్పుడూ ఆర్డరు ఇవ్వనివారి కోసం ఎవరూ బట్టీ ఖాళీగా ఉంచరు.

ఇక రవాణా. ఆమె ప్రణాళికలో "సగటున 26 రోజులు" అని ఉంది. ఆ సగటు ఎక్కడిదంటే, నమూనాగా తెప్పించిన ఆరు పార్సిళ్ల నుంచి. అవి వచ్చిన రోజులు 21, 24, 22, 41, 23, 25. సగటు 26 అన్నది నిజమే, కానీ ఆరింటిలో ఒక్కటి కూడా 26 రోజులకు రాలేదు. అయిదు అంతకంటే ముందే వచ్చాయి, ఒకటి 41కి వచ్చింది. నిల్వ ఎంత ఉంచాలో చెప్పేది ఆ 41. నేనైతే సగటు గడిని కొట్టేసి, అందులో అన్నిటికంటే చెడ్డ రోజును రాస్తాను.

ఆ 41 ఎందుకైందో ఆమె కనుక్కున్నారు. అది వినదగ్గ కథ. ఖర్చు తగ్గుతుందని కప్పులు, శాలువాలు, చెక్క పెట్టెలు అన్నీ కలిపి ఒకే కన్‌సైన్‌మెంటుగా పంపారు. కప్పులు పగలకుండా పంపినవారెవరో బయట పచ్చి చెక్కతో ఒక చట్రం కొట్టారు. దేశాలు దాటే ప్యాకింగు చెక్కకు ఐ.ఎస్.పి.ఎం. 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. చెక్కలో దాగే పురుగులు ఒక దేశం నుంచి మరో దేశానికి పాకకుండా, చెక్క నడిమధ్య వరకూ 56 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 30 నిమిషాలు తగిలేలా వేడిచేసి లేదా ఒప్పుకున్న మరో పద్ధతిలో శుద్ధి చేసి, ముద్ర వేయాలి. ఆ చట్రం మీద ముద్ర లేదు. తప్పు చట్రానిది, ఆగింది మాత్రం శాలువాలతో సహా అంతా. విడివిడిగా పంపి ఉంటే ఒక్క పార్సిలే ఆగేది. అసలు చట్రానికి ప్లైవుడ్ వాడినా సరిపోయేది, ఆ ప్రమాణం దానికి వర్తించదు.

ఇక్కడ నేను చూసింది మళ్లీ అదే కేంద్రీకరణ. తయారీలో ముగ్గురుగా ఉన్నవారు ఓడ ఎక్కేసరికి ఒకరైపోయారు. కలిపి పంపితే మిగిలే ఖర్చు కళ్లకు కనిపిస్తుంది, కలిసి ఆగే ప్రమాదం కనిపించదు. ఎక్కువ లాభమిచ్చే సరుకును చిక్కులు తెచ్చే సరుకుతో కలపకపోతే చాలు, మిగతావి కలపవచ్చు.

విడిగా పంపడానికీ వెల ఉంది. కప్పుల సెట్టు లోపలి పెట్టె కొలత 25, 20, 15 సెంటీమీటర్లు. పగలకుండా అన్ని వైపులా అయిదేసి సెంటీమీటర్ల మెత్త పెట్టి బయట ఇంకో పెట్టె వేస్తే అది 35, 30, 25 అవుతుంది. విమాన కొరియర్లు చాలావరకు మూడు కొలతలనూ గుణించి 5000తో భాగించి వచ్చిన బరువుకు, అసలు బరువుకు మధ్య ఏది ఎక్కువో దానికి డబ్బు తీసుకుంటాయి. మొదటి పెట్టె లెక్కకు ఒకటిన్నర కిలోలు, రెండోది ఐదుంబావు. త్రాసు మీద రెండు కిలోలు దాటని సెట్టుకు అయిదు కిలోల పైన కట్టాలి. మెత్త తగ్గిస్తే కప్పులు పగులుతాయి, ప్యాకింగు సరిగా లేదన్న కారణంతో బీమా క్లెయిము తిరస్కరించే అవకాశమూ ఉంటుంది. ఈ ఒక్క లెక్కతో ఆమె ధరల పట్టిక సగం మారిపోయింది.

సుంకాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2025 ఆగస్టు 29న అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అన్ని దేశాల సరుకుకూ ఎత్తేసింది. ఆ రోజుల్లో అనేక దేశాల తపాలా శాఖలు అక్కడికి పార్సిళ్లు తీసుకోవడమే కొంతకాలం ఆపేశాయి. దుకాణం పెట్టేది ఎక్కడైనా, ఒకే దేశపు కొనుగోలుదారులు, ఒకే తపాలా దారి ఉన్నవారికి ఇలాంటి రోజు ఒక సరఫరాదారు మాయమైన రోజుతో సమానం. కాబట్టి రెండో కొరియరు ఖాతా ముందే తెరిచి, దాని ద్వారా నెలకు ఒకటైనా పార్సిలు పంపుతూ ఉండమన్నాను.

ఆమె ప్రణాళికను తిరగరాశారు. ఆ ఒక్క వాక్యం ఉన్నచోట ఇప్పుడు రెండు నిలువు వరుసల పట్టిక ఉంది: ఎన్ని రోజులు నెట్టుకురాగలం, ఎన్ని రోజుల్లో కోలుకుంటాం. కప్పుల ఎదురుగా 30, 112 అని ఎర్ర అంకెలున్నాయి. ఆ రెండో అంకెను సరిచూసుకోవడానికి ఆమె కప్పులు చేసే ఆమెకు ఫోను చేసి, ఒక నెల పని ఆపాల్సి వస్తే ఏం చేస్తారని అడిగారట. అవతల కాసేపు మాట లేదట. తర్వాత, కుడి మణికట్టు నొప్పి ఆరు నెలలుగా ఉందనీ, వైద్యుడు విశ్రాంతి తీసుకోమన్నాడనీ, ఆర్డరు పోతుందేమోనని ఎవరికీ చెప్పలేదనీ ఆమె అన్నదట.